నాన్న పేరున ఉన్న పొలం వారసుల పేర్లకు మార్చాలి: తహసీల్దారు గారికి రాసిన అర్జీ ఇదీ, ఏం తప్పులున్నాయో చెప్పండి

పొలంగట్టు
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది పల్నాడు జిల్లా. నాన్న పోయి ఐదు నెలలైంది. ఆయన పేరున 4 ఎకరాల 35 సెంట్లు ఉంది. సర్వే నంబరు 214-2లో 2.75 ఎకరాలు, 218-1ఏలో 1.60. మొదటిది 1989లో బాబాయిలతో పంచుకున్నప్పుడు వచ్చింది. రెండోది నాన్న 1994లో కొన్నాడు. రెండూ ఒకే ఖాతాలో ఉన్నాయి. మేం ముగ్గురం: అక్క (పెళ్లయింది, నరసరావుపేటలో ఉంటుంది), నేను, తమ్ముడు (మస్కట్‌లో ఉన్నాడు). అమ్మ ఉంది. నేను గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం చేస్తూ వారం వారం ఊరెళ్లి మిర్చి చూసుకుంటున్నాను.

నాన్న బ్యాంకు ఖాతాలో పీఎం కిసాన్ డబ్బులు ఆగిపోయాయి. రికార్డు మారితేగాని మాకు ఏదీ ముందుకు కదలదని సచివాలయంలో చెప్పారు. నేను రాసుకున్న అర్జీ ఇదీ:

> తహసీల్దారు గారికి,
> మా తండ్రి గారు వెంకటేశ్వరరావు గారు మరణించినారు. వారి పేరున ఉన్న పొలాన్ని నా పేరు మీదకు మార్చవలసిందిగా కోరుచున్నాను.
> జత: మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, పాసు పుస్తకం జిరాక్సు.
> ఇట్లు, తమ విధేయుడు

అమ్మ, అక్క, తమ్ముడు ముగ్గురూ నా పేరున పెట్టుకోమనే అన్నారు, గొడవలేమీ లేవు. ఇది ఇస్తే సరిపోతుందా? ఇంకేం జత చేయాలి?

మిర్యాలగూడ రైతు
ఆదివారం, రాత్రి 9:42

తమ్మీ, అర్జీ రాసుడెందుకు. ధరణిలో వారసత్వం కింద స్లాట్ బుక్ చేసుకో. ఎకరానికి ఇంత అని ఫీజు కట్టి, కుటుంబసభ్యులందరూ ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి తహసీల్ ఆఫీసుకు పోతే అదే రోజు అయిపోతది. మా బాపు పొలం 2022ల గట్లనే చేసినం.

పాత ఆర్ఐ
ఆదివారం, రాత్రి 10:05

మిర్యాలగూడ అన్నా, ఆయనది ఆంధ్రప్రదేశ్. అక్కడ చట్టం వేరు, పోర్టల్ వేరు. మీ దగ్గర కూడా 2025 ఏప్రిల్ నుంచి ధరణి పోయి భూ భారతి వచ్చింది. వారసత్వమైతే తహసీల్దారు నోటీసులిచ్చి విచారణ చేయాల్సిందే. 2022లో మీకు జరిగినట్టు ఇప్పుడు జరగదు.

పొలంగట్టు గారూ, నేను ఇరవై ఏళ్లకు పైగా రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. ఇలాంటి అర్జీలు కొన్ని వందలు చూశాను. మీ అర్జీ తీసుకోరని కాదు, తీసుకుంటారు. కానీ వీఆర్వో చేతికి వెళ్లగానే ఆగిపోతుంది. ముందు నాలుగు సంగతులు చెప్పండి.

మీ నాన్నగారి అమ్మ, అంటే మీ నాయనమ్మ ఉన్నారా?
1బీలో నాన్నగారి పేరు ఎలా పడింది, మరణ ధ్రువీకరణ పత్రంలో ఎలా ఉంది? రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి.
పొలం మీద బ్యాంకు లోను ఉందా?
మీ ఊళ్లో రీసర్వే అయిందా?

1బీ, అడంగల్ రెండూ meebhoomi.ap.gov.in లో తీసి చూడండి. మీ దగ్గరున్న పాత జిరాక్సు చూసి చెప్పవద్దు, ఈ రోజు రికార్డులో ఏముందో అది కావాలి.

చింతచెట్టు నీడ
ఆదివారం, రాత్రి 10:31

ఇంత కష్టపడక్కర్లేదండీ. ఆడపిల్లకు పెళ్లి చేసి పంపేశాక పొలంలో వాటా ఏముంటుంది? అమ్మగారి చేత, తమ్ముడి చేత వంద రూపాయల స్టాంపు పేపరు మీద మాకు అభ్యంతరం లేదు అని రాయించి నోటరీ చేయించండి. మా వైపు అందరూ ఇలాగే చేస్తారు. వీఆర్వో పంచనామా రాసి పంపిస్తాడు, పేరు ఎక్కుతుంది.

నల్లకోటు
ఆదివారం, రాత్రి 11:02

చింతచెట్టు నీడ గారూ, మీరు చెప్పినట్టు పేరు ఎక్కడం నేనూ చూశాను. పదేళ్ల తర్వాత అవే కాగితాలు కేసు కట్టలో మా టేబుల్ మీదకు రావడం కూడా చూస్తున్నాను. ఒంగోలులో సివిల్ కేసులు చేస్తాను.

పెళ్లయిన కూతురికి వాటా లేదన్నది తప్పు. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూడా 2005 సవరణ తర్వాత పెళ్లయిందా కాలేదా అన్న తేడా లేదు. 2020లో సుప్రీంకోర్టు ఆ సంగతి ఇంకా ఖాయం చేసింది.

నోటరీ కాగితం సంగతి వేరే. అక్క తన వాటా వదులుకుంటానంటే అది స్థిరాస్తిలో హక్కు వదులుకోవడం. దానికి రిజిస్టరు చేసిన హక్కు విడుదల దస్తావేజు కావాలి. నోటరీ దగ్గర రాసిన అఫిడవిట్‌తో ఆమె హక్కు పోదు. రికార్డులో మీ పేరు ఒక్కటే ఉన్నా సరే, రేపు ఆమె పిల్లలు వచ్చి అడగవచ్చు.

పొలంగట్టు
సోమవారం, రాత్రి 8:20

అందరికీ ధన్యవాదాలు. ఆర్ఐ గారూ, మీరు అడిగినవి చూశాను. ఈ రోజు సెలవు పెట్టి ఊరికి వెళ్లాను.

నాయనమ్మ ఉంది. ఎనభై దాటింది, మాతోనే ఉంటుంది. ఆమె గురించి ఎందుకు అడిగారో అర్థం కాలేదు.

పేరు విషయం మాత్రం నాకు గుండె జారింది. 1బీలో వెంకటేశ్వర్లు అని ఉంది. మరణ ధ్రువీకరణ పత్రంలో వెంకటేశ్వరరావు. నాన్న గుంటూరులో ఆసుపత్రిలో పోయారు, అక్కడ ఆధార్ చూసి రాశారు. పాసు పుస్తకం నాన్న ఇనప్పెట్టెలో మిర్చి యార్డు చీటీల కింద ఉంటుందనుకున్నా. పెట్టెలో జిరాక్సు మాత్రమే ఉంది, అసలు లేదు. అమ్మ చెప్పింది, అది బ్యాంకులో ఉందని. పంట లోను లక్షా ఇరవై వేలు ఉందట. ఆ జిరాక్సు మీద నాన్న ఫోటో ఉంది, కింద వేలిముద్ర కాదు, సంతకమే. ఆ సంతకం వెంకటేశ్వర్లు అనే ఉంది.

రీసర్వే ఇంకా కాలేదు.

ఇప్పుడు ఈ పేరు తేడా వల్ల మొత్తం ఆగిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

పట్నం ఫ్లాట్
సోమవారం, రాత్రి 8:55

మాకూ ఇదే సమస్య. అమ్మ పేరున విజయవాడలో ఫ్లాట్ ఉంది, ఇంటి పన్ను పేరు మార్చాలి. తహసీల్దారుకి ఇవ్వాలా?

పాత ఆర్ఐ
సోమవారం, రాత్రి 9:30

పట్నం ఫ్లాట్ గారూ, మీది మున్సిపల్ కార్పొరేషన్ రెవెన్యూ విభాగం చూస్తుంది, వ్యవసాయ భూమి కాదు. వేరే పోస్టు మొదలెట్టండి, ఇక్కడ కలిస్తే ఇద్దరికీ గందరగోళం.

పొలంగట్టు గారూ, ఆగదు. కానీ పేరు తేడాను మీరే ముందుగా చెప్పాలి, వాళ్లు పట్టుకునేదాకా ఆగకూడదు. వీఆర్వో కంటికి మొదట పడేది అదే. చెప్పకుండా ఇస్తే "1బీలో ఈ పేరుగల వ్యక్తి వేరు, మరణించిన వ్యక్తి వేరు" అని రాసి వెనక్కి పంపడం తేలిక. మీరే అర్జీలో "1బీలో వెంకటేశ్వర్లు అని, ఆధార్, మరణ ధ్రువీకరణ పత్రాలలో వెంకటేశ్వరరావు అని ఉన్న వ్యక్తి ఒక్కరే" అని రాసి, దానికి రుజువు జత చేస్తే అతను విచారించి అవునో కాదో రాయాల్సిన బాధ్యత పడుతుంది.

రుజువుగా మూడు పెట్టండి. మీ అమ్మగారి చేత నోటరీ అఫిడవిట్. ఫోటో, సంతకం ఉన్న పాత పాసు పుస్తకం జిరాక్సు. బ్యాంకు నుంచి చిన్న లెటరు: పాసు పుస్తకం అసలు మా దగ్గర ఉంది, ఖాతాదారు ఫలానా, తండ్రి పేరు ఫలానా, ఖాతా నంబరు ఇది అని. ఈ మూడూ ఒకే ముఖానికి, ఒకే తండ్రి పేరుకు, ఒకే ఖాతాకు చేరుతాయి. మరణ ధ్రువీకరణ పత్రం దిద్దించాలని మాత్రం పరుగెత్తకండి. అది ఆధార్‌కు సరిపోయింది. తప్పు పాత రికార్డులో ఉంది.

లోను గురించి భయం వద్దు. వారసుల పేర్లు ఎక్కించడానికి లోను అడ్డు కాదు, పేర్లు మారినంత మాత్రాన లోను పోదు. ఆ భారం అలాగే ఉంటుంది. కానీ అర్జీలో ఆ మాట దాచవద్దు.

ఇక నాయనమ్మ గారి సంగతి. హిందూ వారసత్వ చట్టంలో మగవాడు వీలునామా లేకుండా పోతే మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా ఉంటుంది. తండ్రి రెండో తరగతిలోకి వెళ్తాడు గానీ తల్లి మొదటి వరుసలోనే. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం సచివాలయంలో అప్లై చేసేటప్పుడు చాలామంది భార్య, పిల్లల పేర్లే ఇస్తారు. తల్లి బతికున్నారని ఎవరికీ తట్టదు. నేను చేసిన రోజుల్లో సగం గొడవలు ఆ ఒక్క పేరు దగ్గరే మొదలయ్యేవి.

చింతచెట్టు నీడ
సోమవారం, రాత్రి 9:58

నాయనమ్మ పేరు ఎందుకండీ, ఆవిడకు ఎనభై ఏళ్లు. రేపు ఆవిడ పోతే మళ్లీ అదే తంటా. అందులో పేరు వేయకపోతే అడిగేవాళ్లెవరు?

ఆడపడుచు
సోమవారం, రాత్రి 10:40

నేను అడుగుతున్నాను. నన్ను మా అన్నదమ్ములు అలాగే తీసేశారు. కుటుంబ సభ్యుల పత్రంలో నా పేరే లేదు. ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, ఊరంతా తెలుసు, కాగితంలో మాత్రం నేను పుట్టలేదు. విచారణకు వచ్చినప్పుడు సాక్షులుగా సంతకం పెట్టినవాళ్లు కూడా మా వీధి వాళ్లే. నాకు తెలిసేసరికి రెండేళ్లు దాటింది. ఇప్పుడు కోర్టులో ఉంది. నాకు ఆ పొలం కన్నా ఆ కాగితంలో నా పేరు లేకపోవడమే ఎక్కువ బాధగా ఉంటుంది.

పొలంగట్టు గారూ, మీ అక్క పేరూ, మీ నాయనమ్మ పేరూ రాయండి. తర్వాత వాళ్లు మీకు ఇచ్చుకుంటారో లేదో అది వాళ్ల ఇష్టం.

నల్లకోటు
సోమవారం, రాత్రి 11:15

ఆడపడుచు గారికి ఒక మాట: తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీఓకు అప్పీలు ఉంటుంది, ఉత్తర్వు తెలిసిన నాటి నుంచి 60 రోజుల లోపు. మీకు ఆ గడువు దాటి ఉంటుంది కాబట్టి కోర్టుకు వెళ్లడమే సరైన దారి. మీ వాటా తేల్చేది సివిల్ కోర్టే. రెవెన్యూ రికార్డులో పేరు ఉన్నంత మాత్రాన ఎవరికీ కొత్తగా హక్కు పుట్టదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది.

పొలంగట్టు గారూ, నాయనమ్మ పేరు వేస్తే ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాను. మీ నాన్న కొన్న 218-1ఏ మాత్రమే తీసుకుందాం, అది స్వార్జితం కాబట్టి లెక్క స్పష్టం. 1.60 ఎకరాలు, వారసులు ఐదుగురు: నాయనమ్మ, అమ్మ, అక్క, మీరు, తమ్ముడు. ఒక్కొక్కరికి 32 సెంట్లు. రేపు నాయనమ్మ వీలునామా లేకుండా పోతే ఆవిడ 32 సెంట్లు ఆవిడ పిల్లలకు వెళ్తాయి. పోయిన కొడుకు బదులు ఆయన పిల్లలు నిలబడతారు. మీ నాయనమ్మకు పిల్లలెందరు?

పొలంగట్టు
మంగళవారం, ఉదయం 7:05

నాన్న కాక ఒక్క మేనత్త, ఇద్దరు బాబాయిలు. ఒక బాబాయి లేడు, ఆయనకు పిల్లలు లేరు, పిన్ని ఒక్కతే ఉంది.

నిజం చెప్పాలంటే అమ్మ భయపడుతోంది. నాయనమ్మ పేరు రాస్తే పొలం మేనత్త వాళ్లకు వెళ్లిపోతుందని రాత్రి నాతో అంది.

నల్లకోటు
మంగళవారం, ఉదయం 8:30

అయితే నాయనమ్మ వాటాకు మూడు శాఖలు: మేనత్త, ఉన్న బాబాయి, మీ నాన్న తరఫున మీరు ముగ్గురు. మీ పిన్ని ఈ లెక్కలోకి రారు. 32 సెంట్లలో మేనత్తకు సుమారు 10.67 సెంట్లు, బాబాయికి అంతే. మీ ముగ్గురికి కలిపి అంతే. 218-1ఏలో మీ అమ్మగారు భయపడుతున్నది మొత్తం ఇరవై ఒక్క సెంట్ల గురించి. అది చిన్నదని నేను అనను, పొలం మీద బతికే ఇంట్లో అది పెద్దదే. కానీ ఆ ఇరవై సెంట్ల కోసం ఒక వారసురాలిని దాచి తెచ్చిన పత్రం మీద నాలుగెకరాల పైచిలుకు పొలం రికార్డు నిలబెట్టడం ప్రమాదం. ఏనాడైనా మేనత్త తెలుసుకుంటే మొత్తం ఉత్తర్వే రద్దు చేయమని అడుగుతారు.

నాయనమ్మ మనసారా మీకు ఇస్తానంటే, ఆవిడకు తెలివిడి ఉన్నప్పుడే రిజిస్టరు చేసిన సెటిల్‌మెంటు దస్తావేజు రాయించుకోవచ్చు. ఇవ్వనంటే ఆ మాటను గౌరవించండి.

గల్ఫ్ పిల్లోడు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

అన్నా, నేనూ గల్ఫ్‌లోనే ఉన్నాను. మా నాన్న పొలం మార్చడానికి నన్ను ఇండియాకి రమ్మన్నారు, టికెట్ ముప్పై వేలు పెట్టుకుని వచ్చాను. మీ తమ్ముణ్ని కూడా రమ్మంటారు చూడండి.

పాత ఆర్ఐ
మంగళవారం, రాత్రి 9:00

గల్ఫ్ పిల్లోడు గారూ, మీ దగ్గర పంపకం కూడా చేసుంటారు, అందుకే రమ్మని ఉంటారు. అందరి పేర్లు ఉమ్మడిగా ఎక్కించమంటే విదేశంలో ఉన్న తమ్ముడు ఎవరికీ ఏమీ రాసివ్వక్కర్లేదు. అతని పేరు, ఆధార్, అక్కడి చిరునామా అర్జీలో ఉంటే చాలు, నోటీసు వెళ్తుంది. వాటా వదులుకోవాలంటే, పంచుకోవాలంటే మాత్రం అతను రావాలి, లేదా అక్కడి భారత ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి.

ఇక్కడికి వచ్చాక మా సలహా సారాంశం ఒకటే, పొలంగట్టు గారూ: నా పేరు మీదకు మార్చండి అని రాయకండి. వారసులందరి పేర్లు ఉమ్మడిగా ఎక్కించండి అని రాయండి. ఎవరికి ఎంత అనేది తర్వాత మీ ఇంట్లో తేల్చుకుని, రిజిస్టరు భాగపరిష్కార దస్తావేజు చేసుకుని రండి, అప్పుడు విడివిడి ఖాతాలు అవుతాయి. రెండూ ఒకే అర్జీలో కలిపితే రెండూ ఆగుతాయి.

అర్జీ ఇలా రాయండి. ఖాళీలు మీరు నింపుకోండి.

> గౌరవనీయులైన తహసీల్దారు గారికి,
> ........ మండలం, పల్నాడు జిల్లా.
>
> విషయం: ........ గ్రామం, ఖాతా నం. ......, సర్వే నం. 214-2 (ఎ. 2.75 సెం.), 218-1ఏ (ఎ. 1.60 సెం.), మొత్తం ఎ. 4.35 సెం.: పట్టాదారు మరణించినందున వారసుల పేర్లు 1బీ, అడంగల్‌లో నమోదు చేసి పట్టాదారు పాసు పుస్తకం ఇప్పించవలసినదిగా అర్జీ.
>
> అయ్యా,
>
> పై భూములకు పట్టాదారు అయిన ........ తండ్రి ........ గారు తేది ........న గుంటూరులో మరణించారు. వారు వీలునామా ఏదీ రాయలేదు. వారికి మేము ఐదుగురం వారసులం: తల్లి ........, భార్య ........, కుమార్తె ........, కుమారులు ........, ........ (మస్కట్). మేము తప్ప వారికి వేరే మొదటి తరగతి వారసులు లేరు.
>
> 1బీలో వారి పేరు వెంకటేశ్వర్లు అని, ఆధార్, మరణ ధ్రువీకరణ పత్రాలలో వెంకటేశ్వరరావు అని ఉంది. ఇద్దరూ ఒక్కరే. రుజువులు జతపరిచాము. 218-1ఏ వారు 1994లో రిజిస్టరు దస్తావేజు ద్వారా కొన్నది. 214-2 వారికి 1989లో భాగపరిష్కారంలో వచ్చింది. ఈ భూములపై ........ బ్యాంకులో పంట రుణం ఉంది, పాసు పుస్తకం అసలు బ్యాంకు వద్ద ఉంది. భూములు మా స్వాధీనంలో, సాగులో ఉన్నాయి. వీటిపై కోర్టు కేసులు లేవు.
>
> కావున 1971 భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ప్రకారం విచారణ జరిపించి, మా ఐదుగురి పేర్లు ఉమ్మడిగా నమోదు చేయించవలసినదిగా ప్రార్థన.
>
> జతపరచినవి:
> 1. మరణ ధ్రువీకరణ పత్రం, నకలు, 1 పేజీ
> 2. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం (ఐదుగురి పేర్లతో), నకలు, 1 పేజీ
> 3. ప్రస్తుత 1బీ, అడంగల్, ప్రింట్లు, 2 పేజీలు
> 4. పాత పట్టాదారు పాసు పుస్తకం, జిరాక్సు, .... పేజీలు
> 5. పాసు పుస్తకం తమ వద్ద ఉందని బ్యాంకు ఇచ్చిన లేఖ, అసలు, 1 పేజీ
> 6. 1994 కొనుగోలు దస్తావేజు, 1989 భాగపరిష్కార పత్రం, జిరాక్సులు, .... పేజీలు
> 7. పేరు తేడాపై భార్య గారి నోటరీ అఫిడవిట్, అసలు, .... పేజీలు
> 8. ఐదుగురి ఆధార్ జిరాక్సులు, ఫోటోలు
>
> (ఊరిలో ఉన్న వారసులందరి సంతకాలు / వేలిముద్రలు)

పేజీల సంఖ్య, అసలా జిరాక్సా అని రాయడం దండగ అనుకోకండి. ఫైలు వీఆర్వో దగ్గరి నుంచి ఆర్ఐకి, ఆర్ఐ నుంచి తహసీల్దారుకి వెళ్లేలోపు కాగితాలు ఊడిపోతాయి. రెండు నెలల తర్వాత "అఫిడవిట్ పెట్టలేదు" అంటారు. ఆ జాబితా కాపీ మీద మీకు ముద్ర వేసి ఇస్తే, ఆ మాట అనలేరు. సచివాలయంలోనో మీసేవలోనో మ్యుటేషన్ సేవ కింద అప్లై చేసి, ఈ అర్జీని దానికి జత చేయండి. చట్టంలో వాడే ఫారం 6ఏ అక్కడే ఇస్తారు. అప్లికేషన్ నంబరున్న రసీదు లేకుండా బయటికి రావద్దు.

పొలంగట్టు
మంగళవారం, రాత్రి 9:48

ఆర్ఐ గారూ, ఏమని చెప్పను. ఇంత ఓపిగ్గా రాసిపెట్టారు.

ఒక అనుమానం. చట్టంలో 90 రోజుల్లో తెలపాలి అని ఎవరో అన్నారు. మాకు ఐదు నెలలైంది. మరి?

పాత ఆర్ఐ
మంగళవారం, రాత్రి 10:10

1971 చట్టం సెక్షన్ 4లో ఆ మాట ఉంది. హక్కు వచ్చిన 90 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి. దాటితే మీ వారసత్వ హక్కు పోదు, అర్జీ తిరస్కరించడానికి అదొక్కటే కారణం కాదు. ఇరవై ఏళ్ల నాటి వారసత్వాలు కూడా నేను నమోదు చేయించాను. ఆలస్యానికి కారణం అర్జీలో ఒక్క వాక్యంలో రాయండి: ఆసుపత్రి, కర్మలు, పత్రాలు సేకరించడం అని. ఆలస్యమైన కొద్దీ వచ్చే కష్టం వేరు, సాక్షులు తగ్గిపోతారు.

కందిచేను
మంగళవారం, రాత్రి 10:35

మాది ఆలస్యం అంటే ఆలస్యం కాదు. పొలం ఇంకా మా తాత పేరునే ఉంది. తాత పోయి ఇరవై ఐదేళ్లు దాటింది, అప్పుడు మరణ ధ్రువీకరణ పత్రం తీసుకోలేదు. తర్వాత నాన్న పోయాడు. తాత ఎప్పుడు పోయాడో ఎవరూ రిజిస్టరు చేయించలేదు. మాకు ఎలా?

పాత ఆర్ఐ
బుధవారం, ఉదయం 6:50

మీది రెండు మెట్లు. ముందు తాత మరణం నమోదు చేయించాలి. ఏడాది దాటిన మరణం కాబట్టి పంచాయతీ దానంతట అది రాయలేదు, అధికారి ఉత్తర్వు కావాలి, ఆర్డీఓ ఆఫీసులో అడగండి. తర్వాత తాత నుంచి ఆయన పిల్లలందరికీ, వారిలో నాన్న నుంచి మీకు అని వంశవృక్షం గీసి ఇవ్వాలి. ఒకే అర్జీలో రెండు తరాలు పెట్టమంటారా, రెండుగా ఇవ్వమంటారా అన్నది మీ తహసీల్దారు చెప్పిన ప్రకారం చేయండి. నేను చేసినప్పుడు రెండు రకాలుగానూ తీసుకున్నారు.

నల్లకోటు
బుధవారం, ఉదయం 9:20

పొలంగట్టు గారూ, నేను ఒక్క విషయం మీకు ఖాయంగా చెప్పలేకపోతున్నాను, 214-2 గురించి. 1989లో మీ నాన్నకు భాగంగా వచ్చిందన్నారు. అది మీ తాత స్వార్జితం నుంచి వచ్చిందా, అంతకుముందు తరాల ఉమ్మడి నుంచా? ఉమ్మడి ఆస్తి అయితే మీ ముగ్గురికి పుట్టుకతోనే వాటా ఉంటుంది, నాయనమ్మకూ అమ్మకూ వచ్చేది నాన్న వాటాలో నుంచి మాత్రమే. అప్పుడు ఐదు సమాన భాగాల లెక్క తప్పుతుంది. 1989 పత్రం, తాత గారికి ఆ భూమి ఎలా వచ్చిందో చూపే కాగితాలు చూడకుండా చెప్పేది కాదు ఇది.

పాత ఆర్ఐ
బుధవారం, రాత్రి 8:40

అందుకే అర్జీలో వాటాల మాటే ఎత్తలేదు. తహసీల్దారు అది తేల్చడు, తేల్చకూడదు కూడా. ఐదుగురి పేర్లు ఉమ్మడిగా ఎక్కితే ఎవరి వాటా ఎంతైనా ఎవరికీ నష్టం లేదు. కానీ నేను ఒప్పుకుంటాను, వెబ్‌ల్యాండ్‌లో ఎక్కించేటప్పుడు కొన్నిచోట్ల సిబ్బంది విస్తీర్ణాన్ని సమానంగా విడగొట్టేస్తారు. ఉత్తర్వు వచ్చిన రోజే 1బీ తీసి చూసుకోండి. అలా విడగొట్టి ఉంటే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

పొలంగట్టు
మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:15

అందరికీ చెప్పాలని వచ్చాను. అర్జీ ఇచ్చాను. కుటుంబ సభ్యుల పత్రంలో నాయనమ్మ పేరు మొదట రాయించాను. బ్యాంకు వాళ్లు లెటరు ఇవ్వడానికి పది రోజులు తిప్పారు, కానీ ఇచ్చారు. జత చేసిన కాగితాల జాబితా కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. కౌంటరులో అమ్మాయి మొదట ఒప్పుకోలేదు. నేను పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాను, కదల్లేదు. కాసేపటికి వేసి ఇచ్చింది.

వీఆర్వో గారు మొన్న ఇంటికి వచ్చారు. పక్క పొలాల వాళ్లు ఇద్దరిని పిలిచి అడిగారు, పేరు తేడా గురించి. పెద్దాయన ఒకరు "వెంకటేశ్వర్లు అనే మేం పిలిచేది, పొలానికి ఆ పేరే, బడికి రావు అని రాయించారు" అని చెప్పాడు. పంచనామాలో అది రాసుకున్నారు. తర్వాత నాయనమ్మ దగ్గరికి వెళ్లి "మీ కొడుకు పేరేంటమ్మా" అని అడిగారు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంకటేసులు" అంది. వేలిముద్ర వేయడానికి ఆవిడ చెయ్యి నేనే పట్టుకున్నాను.

ఈ రోజు ఫారం 8 నోటీసు పంచాయతీ బోర్డు మీద అంటించారు. ఐదు పేర్లూ ఉన్నాయి. నేను ఫోటో తీసి అక్కకూ, తమ్ముడికీ పంపాను. మేనత్తకు కూడా పంపాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు.

నల్లకోటు గారూ, 1989 పత్రం దొరికింది. అందులో ఈ భూమి తాతకు ఎలా వచ్చిందో రాయలేదు. పాత అడంగళ్లు తీయడానికి వచ్చే వారం మండల ఆఫీసుకు వెళ్తున్నాను.

నల్లకోటు
శుక్రవారం, రాత్రి 10:02

వెళ్లేటప్పుడు తాత గారి పేరు ఎన్ని రకాలుగా ఉండవచ్చో ముందే రాసి పెట్టుకోండి. పాత అడంగల్‌లో పూర్తిపేరు ఉండకపోవచ్చు. సర్వే నంబరు పట్టుకుని వెతకండి, 214 సబ్‌డివిజన్ కాకముందు పేజీ కూడా అడగండి.